పెద్ద కెపాసిటర్ మందు కాదు

శాంపుల్ అండ్ హోల్డ్ సర్క్యూట్ తప్పుడు విలువ ఇస్తోందని ఎవరైనా అనగానే మనవాళ్ల నోట వచ్చే మాట ఒకటే: "హోల్డ్ కెపాసిటర్ పెంచు." ల్యాబ్‌లో లెక్చరర్ అదే చెబుతారు, రిపేర్ బెంచి మీద సీనియర్ అదే చెబుతాడు, పరీక్షలో ఆ జవాబుకి మార్కులూ పడతాయి. 1 నానోఫారడ్‌తో పని జరగకపోతే 10, అదీ చాలకపోతే 100. ఈ సలహా సగం నిజం, దానితో చిక్కు కూడా అదే. పూర్తి అబద్ధమైతే మొదటి ప్రయోగంలోనే బయటపడేది. సగం నిజం కాబట్టి బెంచి మీద గెలిచి, ఫీల్డులో ఓడుతుంది.

ముందు ఆ సలహా వెనకున్న తర్కాన్ని న్యాయంగా చూద్దాం. శాంపుల్ అండ్ హోల్డ్ అంటే ఒక స్విచ్, ఒక కెపాసిటర్, వెనక ఒక బఫర్. స్విచ్ మూసి ఉన్నంతసేపు కెపాసిటర్ ఇన్‌పుట్ వోల్టేజీని అనుసరిస్తుంది. స్విచ్ తెరవగానే ఆ క్షణపు వోల్టేజీని పట్టుకుని కూర్చుంటుంది. ఇందులో తప్పులు మూడు చోట్ల పుడతాయి. తెరుచుకునే స్విచ్ తన దగ్గరున్న కొంత చార్జ్‌ని కెపాసిటర్‌లోకి నెడుతుంది, దాంతో వోల్టేజీ ఒక్కసారిగా కాస్త జరుగుతుంది. దీన్ని హోల్డ్ స్టెప్ అంటారు. తర్వాత లీకేజీ కరెంట్ వల్ల ఆ వోల్టేజీ మెల్లగా జారుతుంది, అది డ్రూప్. ఇక స్విచ్ మూసిన సమయం చాలకపోతే కెపాసిటర్ కొత్త విలువని పూర్తిగా అందుకోకముందే తలుపు పడిపోతుంది, అది అక్విజిషన్ లోపం. మొదటి రెండింటి సూత్రాల్లోనూ కెపాసిటర్ విలువ హారంలో ఉంటుంది. హారం పెరిగితే తప్పు తగ్గుతుంది. రెండు ఓట్లు అటు, ఒకటే ఇటు. అందుకని కెపాసిటర్ పెంచమనేవాళ్లు తమదే మెజారిటీ అనుకుంటారు. కానీ ఆ రెండు ఓట్లలో ఒకటి చాలాసార్లు చెల్లదు.

లెక్క వేసి చూద్దాం. ఎల్‌ఎఫ్398 అనే పాత శాంపుల్ అండ్ హోల్డ్ ఐసీ, దాని వెనక ఏడీ574 అనే 12 బిట్ల కన్వర్టర్. ఈ జోడీ ఒక తరం కొలత పరికరాల్లో బాగా నలిగింది, విడి భాగాలతో నేర్చుకోవడానికి ఇప్పటికీ మంచిదే. ముందు ఎనిమిది ఛానెళ్ల మల్టీప్లెక్సర్. ఒక్కో ఛానెల్ 0 నుంచి 10 వోల్ట్‌ల దాకా. 12 బిట్లకి ఒక మెట్టు 2.44 మిల్లీవోల్ట్‌లు, అందులో సగం 1.22. మన తప్పులన్నీ కలిపి ఆ సగం మెట్టులో ఇమిడితే నెగ్గినట్టు. కన్వర్షన్‌కి దాదాపు 25 మైక్రోసెకన్లు పడుతుంది. ప్రతి ఛానెల్‌కి శాంపుల్ చేయడానికి మనం ఇచ్చేది 20 మైక్రోసెకన్లు.

హోల్డ్ అవసరమా అని ఎవరికైనా అనుమానం ఉంటే ఒక్క మాట. ఆ 25 మైక్రోసెకన్లలో ఇన్‌పుట్ సగం మెట్టు కూడా కదలకూడదంటే, పూర్తి స్థాయి సైన్ వేవ్ పౌనఃపున్యం సుమారు ఒకటిన్నర హెర్ట్‌జ్ దాటకూడదు. హోల్డ్ లేని 12 బిట్ల కన్వర్టర్ ఆపాటి నెమ్మది సంకేతాలకే పనికొస్తుంది.

ఇప్పుడు డ్రూప్. ఎల్‌ఎఫ్398లో హోల్డ్ కెపాసిటర్ వైపు లీకేజీ గది ఉష్ణోగ్రత దగ్గర మామూలుగా 30 పికోఆంపియర్లు. కెపాసిటర్ కేవలం 1 నానోఫారడ్ అనుకోండి, అంటే పెంచమని మనవాళ్లు గోల పెట్టే విలువ. వోల్టేజీ జారే వేగం సెకనుకి 30 మిల్లీవోల్ట్‌లు. వినడానికి భయంగానే ఉంటుంది. కానీ మనం పట్టి ఉంచేది సెకను కాదు, 25 మైక్రోసెకన్లు. ఆ వ్యవధిలో జారేది 0.75 మైక్రోవోల్ట్. సగం మెట్టు 1,220 మైక్రోవోల్ట్‌లు. పల్నాడు ఎండలో రేకు పెట్టెలోపల 65 డిగ్రీలకి చేరిందనుకుందాం. ప్రతి పది డిగ్రీలకీ లీకేజీ రెట్టింపవుతుందన్న మోటు లెక్కతో అది పదహారు రెట్లు అవుతుంది. అప్పుడూ జారేది 12 మైక్రోవోల్ట్‌లే, సగం మెట్టులో ఒక శాతం. కాకినాడ గాలి తేమకి, తుడవని ఫ్లక్స్‌కి బోర్డు మీద పదివేల మెగాఓమ్‌ల దారి ఏర్పడి, 10 వోల్ట్‌ల కింద 1 నానోఆంపియర్ కారిందనుకున్నా 25 మైక్రోవోల్ట్‌లు దాటదు.

అంటే ఈ సర్క్యూట్‌లో డ్రూప్ అనేది సమస్యే కాదు. మరి అందరూ దాన్నే ఎందుకు పట్టుకుంటారు? ఆసిల్లోస్కోప్ మీద కంటికి కనబడేది అదొక్కటే కాబట్టి. క్లాక్ నెమ్మది చేసి, స్వీప్ సెకన్లలో పెట్టి చూస్తే గీత వాలుతూ కనిపిస్తుంది. పాఠ్యపుస్తకంలోనూ ఆ బొమ్మే వేస్తారు. 10 వోల్ట్‌ల సంకేతం మీద 10 మిల్లీవోల్ట్‌ల హోల్డ్ స్టెప్ కనబడాలంటే ఎక్కడ వెతకాలో ముందే తెలిసి ఉండాలి.

ఆ హోల్డ్ స్టెప్ సంగతి చూద్దాం. ఎల్‌ఎఫ్398 డేటాషీట్ ప్రకారం 10 నానోఫారడ్ కెపాసిటర్‌తో హోల్డ్ స్టెప్ మామూలుగా 1 మిల్లీవోల్ట్. అంటే స్విచ్ నెట్టే చార్జ్ 10 పికోకూలంబ్‌లు. నిజానికి గుర్తు పెట్టుకోవాల్సిన అంకె అది. ఆ 10 పికోకూలంబ్‌లని 1 నానోఫారడ్ మీద వేస్తే 10 మిల్లీవోల్ట్‌లు, నాలుగు మెట్లు. 100 నానోఫారడ్ మీద వేస్తే 0.1 మిల్లీవోల్ట్. ఇక్కడ పెద్ద కెపాసిటర్ వాదం నిజంగానే గెలుస్తుంది, ఒప్పుకోవాలి.

గెలిచినందుకు ధర ఎంత? ఎల్‌ఎఫ్398 హోల్డ్ కెపాసిటర్‌లోకి పంపగలిగే కరెంట్ సుమారు 5 మిల్లీఆంపియర్లు. 0 వోల్ట్‌ల ఛానెల్ నుంచి 10 వోల్ట్‌ల ఛానెల్‌కి మారినప్పుడు 1 నానోఫారడ్ నిండడానికి 2 మైక్రోసెకన్లు, 10 నానోఫారడ్‌కి 20, 100 నానోఫారడ్‌కి 200. డేటాషీట్ కూడా దాదాపు ఇదే చెబుతుంది: పది వోల్ట్‌ల మార్పుని 0.1 శాతంలోపు అందుకోవడానికి 1 నానోఫారడ్‌తో 4 మైక్రోసెకన్లు, 10 నానోఫారడ్‌తో 20. పైగా 0.1 శాతమంటే పది వోల్ట్‌ల మీద 10 మిల్లీవోల్ట్‌లు, 12 బిట్లకి అదీ చాలదు, చివరి సర్దుబాటుకి ఇంకొంత వ్యవధి కావాలి.

మన దగ్గరున్నది 20 మైక్రోసెకన్లు. 100 నానోఫారడ్ పెడితే ఆ వ్యవధిలో కెపాసిటర్ కదలగలిగేది 1 వోల్ట్ మాత్రమే. పది చూపాల్సిన చోట ఒకటి చూపిస్తుంది. ఇంత ఘోరం వెంటనే దొరికిపోదా అంటారేమో. దొరకదు. బెంచి మీద మనం ఏం చేస్తాం? ఎనిమిది ఇన్‌పుట్లనీ కలిపి ఒకే రిఫరెన్స్‌కి కట్టి, 5 వోల్ట్‌లిచ్చి అన్నీ 5 చూపిస్తున్నాయా లేదా అని చూస్తాం. ఛానెల్ మారినా వోల్టేజీ మారదు, కెపాసిటర్ ఎక్కడికీ పరుగెత్తనక్కర్లేదు. హోల్డ్ స్టెప్ వందో వంతుకి తగ్గింది, డ్రూప్ మాయమైంది, రీడింగులు బంగారంలా ఉన్నాయి. సంతకం పెట్టి పంపేస్తాం. ఫీల్డులో పక్కపక్క ఛానెళ్లలో ఒకటి 1 వోల్ట్, ఇంకొకటి 9 వోల్ట్‌లు అయిన రోజున ఒక ఛానెల్ విలువ పక్కదానిలోకి పాకుతుంది. అప్పుడు తిట్లు తినేది సెన్సార్, లేకపోతే మల్టీప్లెక్సర్.

మూడు కెపాసిటర్లనీ పక్కపక్కన పెట్టి చూడండి. 10 మిల్లీవోల్ట్‌ల స్టెప్‌కి 2 మైక్రోసెకన్ల పరుగు. 1 మిల్లీవోల్ట్‌కి 20. 0.1 మిల్లీవోల్ట్‌కి 200. ఏ జంటని గుణించినా 20 వస్తుంది. ఇది కాకతాళీయం కాదు. స్విచ్ రెసిస్టెన్స్ R, నెట్టే చార్జ్ Q అయితే:

τ = R × C
ΔV = Q / C
τ × ΔV = R × Q

C కొట్టుకుపోయింది. ఎల్‌ఎఫ్398లో పరిమితి రెసిస్టెన్స్ కాక కరెంట్ కాబట్టి సూత్రం రూపం కొంచెం వేరుగా ఉంటుంది, ఫలితం మాత్రం ఇదే. కెపాసిటర్ మార్చడమంటే అప్పుని ఈ జేబులోంచి ఆ జేబులోకి మార్చడం.

"అయితే పెద్ద స్విచ్ పెడదాం, రెసిస్టెన్స్ తగ్గుతుంది" అని అడిగేవాళ్లుంటారు. మంచి ప్రశ్నే. మాస్ ట్రాన్సిస్టర్ స్విచ్‌లో చానెల్ వెడల్పు రెట్టింపు చేస్తే రెసిస్టెన్స్ సగమవుతుంది, కానీ చానెల్‌లో నిలిచే చార్జ్ రెట్టింపవుతుంది. మళ్లీ కొట్టుకుపోయింది. చివరికి మిగిలేది చానెల్ పొడవు L, ఎలక్ట్రాన్ల చలనశీలత μ మాత్రమే. చానెల్ చార్జ్ మొత్తం కెపాసిటర్ వైపే వచ్చిందనుకుంటే ఆ గుణకారఫలం L² / μ. బెహజాద్ రజావీ రాసిన సీమాస్ అనలాగ్ పాఠ్యపుస్తకంలో దీన్ని స్విచ్‌కి యోగ్యతా కొలమానంగా చూపించారు. 0.18 మైక్రాన్ల చానెల్‌కి, చలనశీలత 300 చదరపు సెంటీమీటర్లు ప్రతి వోల్ట్‌ సెకనుకి అనుకుంటే, వచ్చే విలువ సుమారు 1 మిల్లీవోల్ట్ నానోసెకను. అదే 1 మైక్రాన్ చానెల్ అయితే ముప్పై రెట్లు పైన. చిప్ తయారీలో తరం మారితే తప్ప కెపాసిటర్ల డబ్బా వెతికితే ఈ అంకె మారదు.

దీనికి పెద్ద కెపాసిటర్ పక్షం వాళ్లు ఇచ్చే తెలివైన జవాబు ఒకటుంది. "సరే, చిన్న కెపాసిటరే పెడతాం. హోల్డ్ స్టెప్ 10 మిల్లీవోల్ట్‌లైతే సాఫ్ట్‌వేర్‌లో 10 తీసేస్తాం." స్టెప్ నిజంగా స్థిరమైతే ఇది సబబే. ఎల్‌ఎఫ్398 డేటాషీట్‌లో ఆ పని హార్డ్‌వేర్‌తోనే చేసే ఉపాయముంది: లాజిక్ సంకేతాన్ని తిరగేసి, ఒక పాట్ మీదుగా 10 పికోఫారడ్ కెపాసిటర్‌తో ఎదురు చార్జ్‌ని నెట్టడం. కానీ మామూలు మాస్ స్విచ్‌లో చానెల్ చార్జ్ ఇన్‌పుట్ వోల్టేజీ మీద ఆధారపడుతుంది. గేట్‌కీ ఇన్‌పుట్‌కీ తేడా ఎంతో చార్జ్ అంత. ఇన్‌పుట్ 1 వోల్ట్ దగ్గర ఒక స్టెప్, 4 వోల్ట్‌ల దగ్గర ఇంకో స్టెప్. అప్పుడది ఆఫ్‌సెట్ మాత్రమే కాదు, గెయిన్ లోపం కూడా. బాడీ ఎఫెక్ట్ వల్ల కొంత వంకరా కలుస్తుంది. పైగా స్విచ్ తెరుచుకునేటప్పుడు ఆ చార్జ్‌లో ఎంత ఇటు, ఎంత అటు పోతుందన్నది గేట్ సంకేతం ఎంత చురుగ్గా పడిందన్న దాని మీద, రెండు వైపులా ఉన్న ఇంపెడెన్స్ మీద ఆధారపడుతుంది. సోర్స్ మారితే మీ 10 కాస్తా 7 అవుతుంది.

"వందసార్లు చదివి సగటు తీస్తాం" అనేది ఇంకో వాదం. సగటు యాదృచ్ఛికమైన నాయిస్‌ని తగ్గిస్తుంది. హోల్డ్ స్టెప్ ప్రతిసారీ అదే దిక్కుకి, అదే కొలతకి వస్తుంది. వంద తప్పుల సగటు ఆ తప్పే.

అసలు చేయాల్సింది ముందు దోషిని గుర్తించడం, దానికి పెద్ద పరికరాలు అక్కర్లేదు. ఇన్‌పుట్‌కి కదలని వోల్టేజీ ఇచ్చి, అన్ని ఛానెళ్లకీ అదే కట్టి చూడండి. తప్పు ఇంకా ఉంటే అది అక్విజిషన్ కాదు. ఇప్పుడు హోల్డ్ వ్యవధిని 25 మైక్రోసెకన్ల నుంచి 25 మిల్లీసెకన్లకి పెంచండి. తప్పు కాలంతో పాటు సరళరేఖలో పెరిగితే డ్రూప్, హోల్డ్‌కి మారగానే వచ్చి అక్కడే నిలిచిపోతే చార్జ్ ఇంజెక్షన్. తర్వాత ఆ వోల్టేజీని కింద నుంచి పైదాకా మారుస్తూ పోండి. స్టెప్ మారకపోతే అదృష్టవంతులు, తీసేయొచ్చు. చివరగా పక్క ఛానెల్‌కి ఒకసారి 0, ఒకసారి 10 వోల్ట్‌లు ఇవ్వండి. మన ఛానెల్ రీడింగ్ ఒకసారి కిందికి, ఒకసారి పైకి జరిగిందా, అయితే గతం వెంటాడుతోందన్నమాట. శాంపుల్ వ్యవధి రెట్టింపు చేయగానే అది తుడిచిపెట్టుకుపోతే అక్విజిషన్ లోపం. రెట్టింపు చేసినా మొండిగా కాస్త కాస్త తగ్గుతుంటే కెపాసిటర్ లోపలి పదార్థాన్ని అనుమానించాలి.

ఆ చివరి మాట పెద్ద కెపాసిటర్ సలహాకి ఇంకో దెబ్బ. 1 నానోఫారడ్ పాలీస్టైరీన్ తీసేసి 100 నానోఫారడ్ పెట్టమంటే చేతికి దొరికేది చవక సిరామిక్. హై-కే సిరామిక్‌లో డైఎలెక్ట్రిక్ అబ్జార్ప్షన్ ఎక్కువ, అంటే పాత వోల్టేజీ జ్ఞాపకం కెపాసిటర్‌లో మిగిలిపోయి మెల్లగా పైకి తేలుతుంది. సిరామిక్‌లో ఇది 1 శాతం దాటుతుంది, వాడొద్దని ఎల్‌ఎఫ్398 డేటాషీట్ ముక్కుసూటిగా చెబుతుంది, సీ0జీ రకాన్ని మినహాయించి. 10 వోల్ట్‌లలో 1 శాతం 100 మిల్లీవోల్ట్‌లు. 10 మిల్లీవోల్ట్‌ల స్టెప్‌కి భయపడి దీన్ని తెచ్చి పెట్టుకున్నాం.

"ఇదంతా పాత కథ, ఇప్పుడు శాంపుల్ అండ్ హోల్డ్ మైక్రోకంట్రోలర్‌లోనే ఉంది" అంటారా? ఉంది. ఆర్డుయినో ఊనోలోని ఏటీమెగా 328పీలో అది 14 పికోఫారడ్లు. సోర్స్ ఇంపెడెన్స్ 10 కిలోఓమ్‌లు లేదా అంతకన్నా తక్కువ ఉండేలా చూసుకోమని డేటాషీట్ చెబుతుంది. మనం బ్యాటరీ కరెంట్ ఆదా చేద్దామని రెండు 1 మెగాఓమ్ రెసిస్టర్లతో డివైడర్ కడతాం. సోర్స్ 500 కిలోఓమ్‌లు, టైమ్ కాన్‌స్టెంట్ 7 మైక్రోసెకన్లు. 125 కిలోహెర్ట్‌జ్ క్లాక్ మీద శాంపుల్ వ్యవధి ఒకటిన్నర సైకిల్, అంటే 12 మైక్రోసెకన్లు. పిన్ దగ్గరి పరాన్న కెపాసిటెన్స్‌ని వదిలేసి లెక్కిస్తే, ఛానెల్ మార్చిన వెంటనే చదివితే పాత తేడాలో 18 శాతం మిగిలిపోతుంది. పక్క ఛానెల్ 5 వోల్ట్‌లు, మనది 2 అయితే చూపేది 2.54.

ఇక్కడా అదే సలహా: "పిన్ దగ్గర 100 నానోఫారడ్ పెట్టు." పెడదాం. ఇప్పుడు లోపలి 14 పికోఫారడ్లు తమ దగ్గర ఎక్కువైన 42 పికోకూలంబ్‌లని బయటి కెపాసిటర్‌లోకి క్షణంలో వదిలేస్తాయి. దాని మీద లేచే మిట్ట 0.42 మిల్లీవోల్ట్, 10 బిట్ల మెట్టు 4.9. బాగుంది. కానీ ఆ మిట్ట దిగాలంటే 500 కిలోఓమ్‌ల మీదుగా 50 మిల్లీసెకన్ల టైమ్ కాన్‌స్టెంట్‌తో దిగాలి. సెకనుకి పదిసార్లు చదివితే నష్టం ఒక మెట్టులో పిసరంత. రెండు ఛానెళ్లనీ మార్చి మార్చి, మనదాన్ని సెకనుకి 4,000 సార్లు చదివితే ప్రతిసారీ వదిలిన 42 పికోకూలంబ్‌లు కలిసి సగటున 168 నానోఆంపియర్లవుతాయి. అది 500 కిలోఓమ్‌లలో 84 మిల్లీవోల్ట్‌లు, పదిహేడు మెట్లు. అదీ నిలకడగా, నాయిస్ ఏమీ లేకుండా, నమ్మబుద్ధేసేలా.

పెద్ద కెపాసిటర్‌కి తగిన చోటు లేకపోలేదు. పీక్ డిటెక్టర్‌లో విలువని సెకన్ల తరబడి పట్టి ఉంచాలంటే డ్రూప్ నిజమైన శత్రువు, అక్కడ పెద్దదే పెట్టాలి, మంచి పాలీప్రొపిలీన్ పెట్టాలి. బ్యాటరీ వోల్టేజీని నిమిషానికోసారి చూసే చోట పిన్ దగ్గర 100 నానోఫారడ్ సరైన పనే. ఈ రెండు చోట్లా కావాల్సినంత సమయం ఉంది. వేగమూ ఖచ్చితత్వమూ రెండూ కావాల్సిన చోట R × Q ని తగ్గించాలి, లేదా Q ని ఇన్‌పుట్‌తో సంబంధం లేకుండా చేయాలి. చిప్ డిజైనర్లు రెండో దారి పట్టారు. కెపాసిటర్ గ్రౌండ్ వైపు ప్లేట్ దగ్గర ఇంకో స్విచ్ పెట్టి, దాన్ని ఇన్‌పుట్ స్విచ్ కన్నా కొంచెం ముందు తెరుస్తారు. ఆ స్విచ్ ఎప్పుడూ గ్రౌండ్ దగ్గరే ఉంటుంది కాబట్టి అది నెట్టే చార్జ్ ఎప్పుడూ ఒకటే. ఆ తర్వాత ఇన్‌పుట్ స్విచ్ తెరుచుకున్నా దాని చార్జ్ పోవడానికి దారి ఉండదు. మిగిలిన స్థిరమైన స్టెప్‌ని డిఫరెన్షియల్ జంట చాలావరకు కొట్టేస్తుంది. కెపాసిటర్ పెరగలేదు, తెరిచే వరస మారింది.

డిజైన్ రివ్యూలో ఎవరైనా "కెపాసిటర్ పెంచు" అంటే మూడు అంకెలు అడగండి: స్విచ్ నెట్టే చార్జ్ ఎన్ని పికోకూలంబ్‌లు, హోల్డ్ వ్యవధి ఎంత, పక్క ఛానెళ్ల మధ్య వచ్చే అతి పెద్ద తేడా ఎంత. ఆ మూడూ చెప్పలేకపోతే ఉన్న కెపాసిటర్‌ని కదపనివ్వకండి.